వాసన రాకపోతే గ్యాస్ లేనట్టేనా?

ఇందాకే మా కాలనీ గ్రూపులో ఓ ఫొటో పెట్టారు. మా ఊరి పాత డంపింగ్ యార్డు గుట్ట మీద పచ్చగడ్డి, ఊయలలు, జారుడుబల్ల, పక్కనే కొత్తగా సున్నం వేసిన వాచ్‌మన్ గది. "వచ్చే వారం పార్కు ప్రారంభం, అందరూ పిల్లలతో రండి" అని కింద రాశారు. వరసబెట్టి చప్పట్లు, దండాలు. నేను ఒక్క మాట అడిగాను, గ్యాస్ రీడింగులు ఎక్కడ అని. పార్కు పని చూస్తున్నాయన వెంటనే జవాబిచ్చాడు: "మేడం, వాసన రావట్లేదు కదా, ఇంకేం గ్యాస్?" దానికీ చప్పట్లు కొట్టారు.

ఒళ్ళు మండిపోయింది. మూసేసిన చెత్త గుట్టల మీద గ్యాస్ కొలిచే పనిలో ఇన్నేళ్లు ఉన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను. మీథేన్‌కు వాసన లేదు, రంగు లేదు. చెత్త దగ్గర ముక్కుకు తగిలేది వేరే వాయువులు. గుట్ట లోపల గాలి ఆడక కుళ్ళే చెత్త నుంచి వచ్చే గ్యాస్‌లో దాదాపు సగం మీథేనే ఉంటుంది. అది గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. చెత్త వేయడం ఆపేసిన రోజే ఆ గ్యాస్ ఆగిపోదు, ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది.

నిన్న వానపడి వెలిశాక వెళ్లి చూసొచ్చాను. ఊయల స్తంభం పక్కన నేల పళ్ళెంలా కుంగి నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో ఒకేచోట నుంచి సన్నటి బుడగలు ఆగకుండా పైకొస్తున్నాయి. చుట్టూ గడ్డి అంతా పచ్చగా ఉంటే అక్కడ మాత్రం గుండ్రంగా పసుపెక్కి ఎండిపోయింది. ఆ ఎండిన చోటు కింద నుంచి గ్యాస్ వస్తోంది. అది వేళ్ల దగ్గరున్న ఆక్సిజన్‌ను తోసేస్తుంది, గడ్డి చచ్చిపోతుంది. ఇది చూడ్డానికి మీటరు కూడా అక్కర్లేదు. "అక్కడ సరిగా నీళ్లు పోయలేదు మేడం" అన్నాడు మాలి. అతని తప్పేం లేదు, అతనికి ఎవరు చెప్పారు గనక.

అసలు క్యాపింగ్ అంటే, అదే చెత్త గుట్టకు మూత వేయడమంటే, మట్టి కప్పి గడ్డి నాటడం కాదు. 2016 ఘనవ్యర్థాల నియమాల్లో స్పష్టంగా రాశారు: ముందు 60 సెంటీమీటర్ల బంకమట్టి పొర, వాన నీళ్లు లోపలికి దిగకుండా. దాని మీద 15 సెంటీమీటర్ల పొర, పై నుంచి ఇంకిన నీళ్లు పక్కకు జారిపోవడానికి. ఆ పైన 45 సెంటీమీటర్ల మట్టి, గడ్డి కోసం. అంటే గడ్డి మొదలు నుంచి బంకమట్టి దాకా రెండడుగులే. మరి మా వాళ్లేం చేశారు? వేప మొక్కల కోసం మూడడుగుల గుంటలు తవ్వారు. ప్రతి గుంటా బంకమట్టిలోకి అడుగు మేర దిగింది. మిగిలిన అడుగూ వేప వేళ్లు చూసుకుంటాయి. దీపస్తంభాలకూ అలాగే తవ్వి కాంక్రీటు పోశారు. కోట్లు పెట్టి మూత వేసి, పార్కు పేరుతో ఆ మూతకు వాళ్లే చిల్లులు పొడిచారు! ఇప్పుడు వాన నీళ్లు ఆ గుంటల్లోంచి దిగి చెత్తలో నానతాయి, గ్యాస్ అక్కడి నుంచే బయటికొస్తుంది. చెట్లు కావాలంటే అదనంగా మట్టి దిబ్బలు పోసి నాటాలి, లేదా వేళ్లు లోతుకు పోని పొదలు పెట్టాలి. స్తంభాలు కావాలంటే నేల మీద బరువైన దిమ్మెలు పెట్టి నిలబెట్టాలి. ఇవి తెలిసినవాళ్లను ఒక్క పూట పిలిచి అడిగినా చెప్పేవాళ్లు.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఆ వాచ్‌మన్ గది గురించి. నేల మీదే సిమెంటు గచ్చు, ఒకే కిటికీ, అదీ మూసే ఉంది. చెత్త మీద కట్టింది కాబట్టి కుంగుతుంది, గచ్చు పగులుతుంది. ఆ పగులులోంచి గ్యాస్ గదిలోకి చేరుతుంది. రాత్రి తలుపేసుకుని పడుకున్న మనిషి తెల్లారి లేచి బీడీ వెలిగిస్తాడు. ఆ మనిషికి ఎవరు సమాధానం చెప్తారు?

ఊరికే భయపెడుతున్నానా? ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని లోస్కో అనే ఊళ్ళో 1986 మార్చి 24న ఇదే జరిగింది. చెత్తతో నిండిన పాత క్వారీని మూసేసి పైన మట్టి కప్పారు. పైకి పోయే దారి లేక గ్యాస్ పక్కనున్న రాతి పగుళ్లలోంచి వెళ్లి ఓ ఇంటి కింద చేరింది. ఆ రోజు వాతావరణ పీడనం గంటల్లోనే బాగా పడిపోయింది. పైన గాలి ఒత్తిడి తగ్గితే లోపలున్న గ్యాస్ బయటికి తన్నుకొస్తుంది. తెల్లవారుజామున ఇల్లు పేలి నేలమట్టమైంది, ముగ్గురికి తీవ్రగాయాలయ్యాయి. ఆ ఇల్లు చెత్త మీద లేదు, పక్కన ఉంది.

అందుకే మూత ఒక్కటే వేస్తే సరిపోదు, గ్యాస్‌కు గొట్టాల దారి కూడా ఉండాలి. రీడింగు కూడా ఎండ కాసే మధ్యాహ్నం తీసి మురిసిపోకూడదు. తుపాను ముందు పీడనం పడుతున్న రోజున తీయాలి, అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. 2016 నియమాల ప్రకారం యార్డు దగ్గర మీథేన్ 1.25 శాతం దాటకూడదు. మా ఊళ్ళో ఏ రోజున కొలిచారో, ఎంత వచ్చిందో ఎవరూ చెప్పరు.

పార్కు వద్దనట్లేదు నేను. న్యూయార్క్‌లో స్టేటెన్ ఐలాండ్ మీద ఫ్రెష్‌కిల్స్ అనే 2,200 ఎకరాల యార్డు ఉండేది. 2001 మార్చిలో చెత్త తేవడం ఆపారు. లోపలి గుట్టల వైపు జనాన్ని రానిచ్చే పార్కులో మొదటి భాగం, అదీ 21 ఎకరాలే, 2023 అక్టోబరులో తెరిచారు. మొత్తం పూర్తి కావడానికి 2036 అని గడువు పెట్టుకున్నారు. ఈలోగా గొట్టాలేసి గ్యాస్ తీశారు, మూత వేశారు, నీళ్లు పరీక్షించారు. మన 2016 నియమాలు కూడా మూసేశాక 15 ఏళ్లు చూసి, గ్యాస్, లీచేట్ అనే చెత్త రసం, నేల స్థిరత్వం సరిగా ఉన్నాయని తేలాకే ఆ స్థలాన్ని ఇంకోదానికి వాడుకోవచ్చన్నాయి. మా దగ్గర రిబ్బన్ కత్తిరించడానికి గడ్డి మొలిస్తే చాలు.

ఇంతకీ ఈ గుట్ట అడుగున ప్లాస్టిక్ పొర లేదు, పాత యార్డులకు అసలు వేసేవాళ్లే కాదు. పైన ఎంత గట్టి మూత వేసినా, అప్పటికే లోపలున్న నల్లటి రసం కిందికి దిగుతూనే ఉంటుంది. పల్లం వైపు వీధుల్లో బోరు నీళ్లు పట్టి ఉంచితే గంటకల్లా తేటదనం పోయి ఎర్రగా తిరుగుతాయి, పైన తెట్టు కడుతుంది. ఆ వీధివాళ్లు నీళ్ల డబ్బాలు కొనుక్కుని తాగుతున్నారు. వానల ముందు, వానల్లో, వానలయ్యాక, యార్డు చుట్టూ 50 మీటర్ల లోపు భూగర్భ జలం పరీక్షించాలని అవే 2016 నియమాల్లో రాశారు. పరీక్షలైతే చేశామంటారు. కానీ నమూనా ఎక్కడ తీశారో తెలుసా? గుట్టకు ఎగువన ఉన్న బోరులో! ఎగువ బోరు తప్పకుండా కావాలి, పోల్చి చూడడానికి. కానీ పల్లం బోరు వదిలేసి ఎగువ నీళ్లు బాగున్నాయని కాగితం రాస్తే అది ఎవరి కోసం? ఎన్నో ఏళ్లుగా పల్లం వీధి ఆడవాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లి ఆఫీసు బల్ల మీద పెడుతున్నారు. "పంపించాం, రిపోర్టు రావాలమ్మా" అనే మాట తప్ప వాళ్ల చేతికి ఒక్క కాగితం రాలేదు. ఊయలలకు మాత్రం బడ్జెట్ ఇట్టే వచ్చింది.

గ్రూపులో చప్పట్లు కొట్టినవాళ్లకు చెప్తున్నాను, ప్రారంభానికి నేనూ వస్తాను, మీటరు పట్టుకుని. ముందు ఆ గది గచ్చు దగ్గర కొలుస్తాను. వాచ్‌మన్‌ను ఈ రాత్రి నుంచే ఆ గదిలో పడుకోనివ్వకండి. పల్లం వీధి బోరు నీళ్ల రిపోర్టు ఈ గ్రూపులోనే పెట్టండి.