శాతం తర్వాత, సర్వే ఖర్చు ముందు

ప్రాజెక్టు బడ్జెట్ రాసే ప్రతిసారీ ఇదే తంతు. అన్నీ నింపేశాక అడుగున ఒక్క లైను: "మానిటరింగ్, 2 శాతం". ఎక్కడి నుంచి వచ్చింది ఆ 2? ఎవరూ చెప్పరు. ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మా ఉదయగిరి మెట్టలో ఫ్లోరైడ్ నీళ్ల ప్రాజెక్టు ఒకటి. 20 ఊళ్లు, రెండేళ్లు, 60 లక్షలు. మానిటరింగ్‌కి 1,20,000 పెట్టారు. ఆ డబ్బుకి సరిపడేట్టు సర్వేని కుదించారు. ట్రైనింగ్ పూటలో ముగించేశారు. "ప్లాంటు నీళ్లు వాడుతున్నారా?" అని అడిగితే అందరూ అవుననే అన్నారు. నేను ఒకరింట్లోకి వెళ్లి చూశాను. గడప పక్కన ప్లాంటు క్యాను ఉంది, పొయ్యి మీద పప్పు మాత్రం బోరు నీళ్లతో ఉడుకుతోంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. తాగడానికి ఏ నీళ్లు, వంటకి ఏ నీళ్లు అని విడివిడిగా అడగాలని సర్వే చేసే పిల్లలకి నేర్పించడానికే ఒక రోజు పడుతుంది. ఆ రోజుకి బడ్జెట్లో డబ్బు లేదు.

ఇప్పుడు మేం తిరగేసి లెక్కేస్తాం. ఊరికి 20 చొప్పున 400 ఇళ్లు. జనం పొద్దున్నే పొలానికి పోతారు, తెల్లారి కాసేపూ సాయంత్రం కాసేపూ తప్ప దొరకరు. అందుకే మనిషికి రోజుకి 6 ఇళ్లకి మించి లెక్కేయకూడదు. ఆరుగురు, 12 రోజులు. కూలీ, బత్తా కలిపి రోజుకి 1,000 చొప్పున 72,000. రెండు రోజుల ట్రైనింగు, ఒక రోజు ట్రయల్ సర్వే, 18,000. జీపు 30,000. సూపర్‌వైజరు 22,500. 40 ఇళ్లకి వేరే మనిషి మళ్లీ వెళ్లి సరిచూడ్డానికి 7,500. మొత్తం లక్షన్నర. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, అంటే 3 లక్షలు.

ఇక అందరూ ముందు కొట్టేసే లైను, డేటా మనిషి. సగం పూట పనికి నెలకి 9,000, 24 నెలలకి 2,16,000. "మన అకౌంటెంటు చూసుకుంటాడులే" అంటారు. మా పాత ప్రాజెక్టులో అలాగే చూసుకున్నాడు. ఒకే ఊరి పేరు ఫైల్లో మూడు రకాల స్పెల్లింగుల్లో ఉంది, ఇంటి నంబర్లు లేవు. రెండేళ్ల తర్వాత మొదటి సర్వేలో ఏ ఇల్లు ఏదో పోల్చుకోలేకపోయాం. అంత ఖర్చూ దండగ. డేటా మనిషి ఉంటే ఫారాలు వచ్చిన రాత్రే చూస్తాడు. అరగంట పట్టాల్సిన ఇంటర్వ్యూ ఏడు నిమిషాల్లో అయిపోతే, చెట్టు కింద కూర్చుని నింపారని మర్నాడే పట్టుకుంటాడు.

మొత్తం 5,16,000, అంటే 60 లక్షల్లో 8.6 శాతం. మామూలుగా చెప్పుకునే 5 నుంచి 10 శాతంలోనే ఉంది. ఆ శాతం చివర్లో సరిచూసుకోవడానికే తప్ప మొదలెట్టడానికి కాదు. ప్రాజెక్టు 15 లక్షలదైనా 400 ఇళ్ల సర్వే, డేటా మనిషి ఖర్చు తగ్గవు, రెండూ కలిసి మూడో వంతు మింగేస్తాయి. అప్పుడు ఆ సర్వే వద్దు. ప్లాంటు మీటరు రీడింగు నెలనెలా రాసుకుని, 60 ఇళ్లలో వంటింటి నీళ్లు చూసి రండి. బోరు నీళ్ల వాడకం ఎంత తగ్గిందో శాతాల్లో చెప్పలేమని నివేదికలో ముందే రాసేయండి.