తెల్లవారుజామున నా పేరుతో

సంబంధాల సైటులో నా ఖాతా తెరిచింది నాన్న. 'ప్రొఫైల్ ఎవరి కోసం' అన్నచోట 'కుమార్తె' అని నొక్కి, తన ఫోను నంబరు ఇచ్చి, మూడు నెలల రుసుము తన కార్డు మీదే కట్టారు. అందుకే ఓటీపీ రాజమండ్రిలో మోగుతుంది, నేను హైదరాబాదులో ఎదురుచూస్తాను. "నాన్నా, ఆ అంకెలు చెప్పండి" అన్నప్పుడల్లా "ఈ రోజు ఎవరితోనమ్మా?" అన్న ప్రశ్న ముందు వస్తుంది, అంకెలు తర్వాత వస్తాయి. అది భరించలేక ఒక పాస్‌వర్డు పెట్టించాను. దాంతో ఒకే గదికి ఇద్దరి దగ్గరా తాళంచెవులు ఉన్నట్టయింది.

నచ్చినవాళ్ళతో సంభాషణ సొంత ఫోనుకు మార్చుకోవచ్చు కదా అని స్నేహితురాళ్ళు సలహా ఇచ్చారు. అదీ అయింది. ఒకాయనతో ఫోనులో హాయిగా మాట్లాడుకుంటూ ఉంటే, సైటులో మా కిటికీ వారంపాటు ఖాళీగా కనిపించింది నాన్నకు. ఆయన ఆడిట్ శాఖలో పదవీ విరమణ చేసినవారు. కదలిక లేని ఫైలును మూసేయడం ఆయనకు అలవాటు. 'ఆసక్తి లేదు' అని నొక్కేశారు. ఆ సమయానికి నేను ఆ అబ్బాయితో ఫోనులో మా ఆఫీసు క్యాంటీన్ సాంబారు గురించి మాట్లాడుతున్నాను. "మీరు ఇప్పుడే నన్ను తిరస్కరించారట" అన్నాడు. ఆ తర్వాత ఎంత వివరించినా అతనికి నమ్మకం కుదరలేదు.

అందుకని ఈసారి సంభాషణ సైటులోనే ఉంచాను. ఈ కొత్తాయన బాగానే రాస్తున్నాడు. మొన్న రాత్రి పడుకోబోయే ముందు, "వర్షం పడితే మీకు ఏం చేయాలనిపిస్తుంది?" అని అడిగాను. జవాబు కోసం కాసేపు చూసి నిద్రపోయాను.

మర్నాడు భోజనాల వేళ తెరిస్తే కొత్త సందేశం వచ్చినట్టు గుర్తేమీ లేదు. అక్కడే అనుమానం రావాలి. ఉమ్మడి ఖాతాలో ఒకరు చదివేస్తే రెండోవారికి అది పాత సందేశమే. చుక్క ఉండదు, సంఖ్య ఉండదు. పాపం, అతను జవాబివ్వలేదు కాబోలు అనుకుంటూ ఊరికే కిటికీ తెరిచాను. చూస్తే అక్కడ ఒక పొడవాటి సంభాషణ ముగిసిపోయి ఉంది.

రాత్రి 11:40కి అతను రాసింది: "కారు తీసుకుని ఊరికే వికారాబాద్ వైపు వెళ్ళాలనిపిస్తుంది. మీకు?"

తెల్లవారుజామున 4:52కి నేను రాసింది: "వర్షంలో కొండదారి ప్రమాదం. కారు సొంతమా? అప్పు ఏమైనా ఉందా?"

నేను! ఆ వేళకు నేను లేచి ఉండటం చివరిసారి ఇంటర్ పరీక్షలప్పుడు జరిగింది. పక్కన నా ఫొటో చిన్న గుండ్రంలో నవ్వుతోంది, ఆ నవ్వు కిందే అప్పు గురించిన ప్రశ్న ఉంది. కాస్త పైకి జరిపి చూస్తే, వారం క్రితం ఆ అబ్బాయి "మీరు రోజూ ఐదింటికే ఆన్‌లైన్‌లో కనిపిస్తారు, అంత క్రమశిక్షణ నాకు లేదు" అని మెచ్చుకున్నది కూడా ఉంది. దానికి నేను సిగ్గుపడి "అలవాటండీ" అని జవాబిచ్చినట్టు అక్కడే కనిపించింది. సిగ్గుపడింది కూడా నాన్నే.

ఇంకా వింత ఏమిటంటే, కారు ప్రశ్నకు జవాబు 5:05కే వచ్చేసింది. "సొంతమేనండి. అప్పు నిరుడే తీరింది. మీ ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి తింటారా?" వికారాబాద్ వర్షం నుంచి వెల్లుల్లికి పదమూడు నిమిషాల్లో చేరడం మామూలు కుర్రాడికి సాధ్యం కాదు. కానీ నాన్నకు అందులో ఆశ్చర్యమేమీ కనిపించినట్టు లేదు. కార్తీకంలో మాత్రం తినం, మిగతా నెలల్లో పరవాలేదు అని రాశారు. "మాకూ అంతేనండి" అని వచ్చింది.

తర్వాత జాతకాలు. నాది హస్త అని నాన్న రాశారు. పుట్టిన సమయం ఉదయం 6:10, అయితే ఆసుపత్రి గోడగడియారం అయిదు నిమిషాలు ముందుండేది కనుక దాన్ని 6:05గా చదువుకోవాలని వివరణ జతచేశారు. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది, అందులో పాదం నాలుగో వంతు, అంటే దాదాపు ఆరు గంటలు. పాదం సరిగ్గా మారే వేళ పుట్టి ఉంటే తప్ప అయిదు నిమిషాల తేడాతో కొంపలేమీ మునగవు. అయినా ఆ గడియారం సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, ముక్కూ మొహం తెలియని మనిషికి మాత్రం తెల్లవారుజామున తెలిసిపోయింది.

అటునుంచి స్వాతి అని వచ్చింది. ఇక నాన్నలోని ఆడిటర్ లేచాడు. "నాడులు వేరు కనుక 8కి 8 వచ్చాయి. కానీ కన్య, తుల పక్కపక్క రాశులు కావడం వల్ల రాశికూటం 7 పోయాయి. మొత్తం 36లో 18 దాటితే చాలంటారు. మిగతావి చూసి మా అమ్మాయికి చెబుతాను."

మా అమ్మాయికి!

చేతిలో పెరుగన్నం డబ్బా అలాగే ఉండిపోయింది. నా ఫొటో పక్కన, నా పేరు మీద, 'మా అమ్మాయి'. ఇక ఆ అబ్బాయి ఏమనుకున్నాడో అని కళ్ళు సగం మూసుకుని కిందికి జరిపాను.

"అలాగేనండి. మా వాడు లేచాక నేనూ చెబుతాను."

వాళ్ళ అమ్మగారు.

ఒక్కరైనా ఉలిక్కిపడలేదు. ఇద్దరూ హాయిగా ముందుకు సాగి, మామిడికాయ ధర దగ్గర సెలవు తీసుకున్నారు. పాపం ఆ 'వాడు' కూడా నాలాగే సందేశం రాలేదనుకుని ఆఫీసులో కూర్చుని ఉంటాడు.

సైటు వాళ్ళకు ఫోను చేశాను. తల్లిదండ్రులకు వేరుగా, నాకు వేరుగా ప్రవేశం ఇవ్వమన్నాను. ఒక ప్రొఫైలుకు ఒకే ఖాతా అన్నారు. పోనీ, నా నంబరు పెట్టమన్నాను. నంబరు మార్చాలంటే పాత నంబరుకు ఓటీపీ వెళుతుందన్నారు. "అంటే మా నాన్నగారికా?" "అవును మేడం, మీ భద్రత కోసమే." ఎవరి నుంచి భద్రతో చెప్పేలోపు, వాళ్ళ సేవపై నా సంతృప్తి అయిదుకు ఎంతో చెప్పమని ఒక రికార్డు గొంతు అందుకుంది. ఆ రాత్రే వాళ్ళ సలహాదారు నాన్నకు ఫోను చేసి, అమ్మాయి ఏదో అసంతృప్తిగా ఉన్నట్టున్నారని విచారించాడు.

చివరికి నాన్నతోనే ఒప్పందం కుదుర్చుకున్నాను. ఆదివారం సాయంత్రం నేనే ఫోను చేసి, ఒక్కొక్క సంబంధం గురించి ఒక్క మాట చెబుతాను: మాట్లాడుతున్నాం, ఆగాం, వద్దు. పేరు, ఊరు, గోత్రం ఆయనకు తెలియాలి, ఆరా తీయడం ఆయన పని. సంభాషణ కిటికీ తెరవకూడదు. 'వద్దు' అని నేను చెప్పేదాకా ఏ మీటా నొక్కకూడదు. నాన్న నోటుపుస్తకంలో గళ్ళు గీసుకున్నారు. "రిమార్కుల గడిలో ఏం రాయాలమ్మా?" అని అడిగారు. ఖాళీగా ఉంచమన్నాను. ఖాళీ గడి ఉంటే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందన్నారు. "వ్యక్తిగతం" అని రాసుకోమన్నాను. రాసుకున్నారు. అమ్మ వెనకనుంచి "అబ్బాయి ఎత్తు అడగండి" అంటోంది.

నిన్న ఆ స్వాతి నక్షత్రం అబ్బాయి ఎలాగో వాళ్ళమ్మ కన్నుగప్పి, మధ్యాహ్నం వేళ సైటులో తన సొంత నంబరు రాశాడు. ఇకమీదట అక్కడే మాట్లాడుకుందామన్నాడు. సంబరంగా నంబరు నాన్నకు చెప్పబోతే ఆయనే అడ్డొచ్చారు.

"అది నా దగ్గర ఉందిలే అమ్మా. కిటికీ తెరవలేదు, పైన కనబడిన ముక్కే చూశాను. 'అల్లుడు, పరిశీలనలో' అని ఫోనులో ఎక్కించాను."