లక్షమంది లెక్క, బాబాయి మాత్ర

"విటమిన్-ఇ మాత్ర రోజూ వేసుకునేవాళ్ళకి గుండెజబ్బు 40 శాతం తక్కువ!! లక్షా పాతికవేల మందిని ఏళ్ళ తరబడి చూసి తేల్చారు. వయసు, సిగరెట్లు, బరువు అన్నిటి ప్రభావం లెక్కలోంచి తీసేశారు. సిగరెట్‌తో క్యాన్సర్ వస్తుందని తేల్చింది కూడా ఇలాగే కదా, అది నమ్మి ఇది నమ్మరా? మందుల కంపెనీలు ఈ నిజం దాచేస్తాయి. విటమినే కదా, వేసుకుంటే పోయేదేముంది? పదిమందికి పంపండి."

ఈ వారంలో ఇది నాకు నాలుగుసార్లు వచ్చింది. మూడుసార్లు దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. నాలుగోసారి పంపింది మా బాబాయి. కింద "నేను మొదలుపెట్టేశాను" అని కూడా రాశారు. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

కంపెనీలు దాచేస్తాయట. మరి ఆ మాత్రలు సీసాల్లో పోసి అమ్మేది ఎవరు, తపస్సు చేసుకునే మునులా? వదిలేద్దాం.

లక్షా పాతికవేల మంది మాట నిజమే. 1993లో ఈ విషయం మీద రెండు అధ్యయనాలు అచ్చయ్యాయి. ఒకటి మహిళా నర్సుల మీద, రెండోది వైద్యరంగంలో ఉన్న మగవాళ్ళ మీద. అయితే మనుషుల సంఖ్య పెరిగితే తగ్గేది కాకతాళీయంగా తప్పు వచ్చే అవకాశం మాత్రమే. తూకం రాయే తేడాగా ఉంటే లక్షసార్లు తూచినా అదే తేడా వస్తుంది, కాకపోతే మహా నమ్మకంగా వస్తుంది. ఇది కార్యకారణ సంబంధాన్ని రుజువు చేయదని ఆ పరిశోధకులే అప్పుడే రాశారు. ఆ వాక్యం ఫార్వర్డ్ అయ్యే దారిలో ఎక్కడో రాలిపోయింది.

ఇక్కడ తూకం రాయి ఎవరంటే, మాత్ర వేసుకోవాలని తమంతట తాము అనుకున్న మనుషులు. ఒక ఊహాలెక్క వేస్తాను, కాగితం మీద మీరూ వేసి చూడండి. ఈ లెక్కలో మాత్ర ఉత్త సుద్దముక్క, దేనికీ పనికిరాదు. ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్ళలో నూటికి ఇద్దరికి గుండెజబ్బు వస్తుంది, లేనివాళ్ళలో నూటికి ఆరుగురికి. మాత్ర వేసుకునే వెయ్యిమందిలో శ్రద్ధగలవాళ్ళు 800, మిగతావాళ్ళు 200. అంటే జబ్బుపడేది 16, 12, కలిపి 28 మంది. వేసుకోని వెయ్యిమందిలో శ్రద్ధగలవాళ్ళు 300, లేనివాళ్ళు 700. జబ్బుపడేది 6, 42, కలిపి 48 మంది. నలభై ఎనిమిది ఎక్కడ, ఇరవై ఎనిమిది ఎక్కడ! సుద్దముక్క గుండెజబ్బును 42 శాతం తగ్గించింది. మనమూ ఒక మెసేజ్ తయారుచేసి పంపేయొచ్చు.

శ్రద్ధ ఉన్నవాళ్ళను, లేనివాళ్ళను విడగొట్టి చూస్తే మాత్ర మహిమ ఆవిరైపోతుంది. రెండు గుంపుల్లోనూ వేసుకున్నా వేసుకోకపోయినా రేటు ఒకటే. "ప్రభావం తీసేశారు" అనేది ఈ పనినే. అసలు చిక్కు ఇక్కడుంది. నేనైతే ఊహాలెక్కలో ఎవరికి శ్రద్ధ ఉందో రాసుకున్నాను. నిజం మనుషుల నుదుటి మీద అది రాసి ఉండదు. వయసు అడగొచ్చు, సిగరెట్లు లెక్కపెట్టొచ్చు, బరువు తూచొచ్చు. నీరసంగా ఉన్నా వేళకు మందు వేసుకునే గుణాన్ని, ఛాతీలో కాస్త నొప్పి రాగానే డాక్టరు దగ్గరికి పరిగెత్తే స్వభావాన్ని ఏ గడిలో రాస్తారు? కొలవనిదాన్ని లెక్కలోంచి తీసేయడం కుదరదు.

ఇది నా పిడివాదం అనుకోకండి. 1980లో కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అనే పరీక్ష ఫలితం ఒకటి వచ్చింది. ఒకసారి గుండెపోటు వచ్చిన మగవాళ్ళలో కొందరికి కొలెస్ట్రాల్ మందు, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వల్ల మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కానీ ఉత్తుత్తి మాత్ర గుంపును మాత్రమే విడిగా చూడండి. ఇచ్చిన మాత్రల్లో 80 శాతానికి తగ్గకుండా వేసుకున్నవాళ్ళలో ఐదేళ్ళలో చనిపోయింది 15 శాతం. సరిగ్గా వేసుకోనివాళ్ళలో 28 శాతం. మందే లేని మాత్ర! పోనీ, ఫార్వర్డ్ మెసేజ్ చెప్పినట్టు అన్నిటి ప్రభావం తీసేద్దామని నలభై లక్షణాలను సర్దుబాటు చేశారు. అయినా 16, 26 శాతంగా మిగిలింది. నలభై కొలిచినా పట్టుబడనిదేదో ఆ మనుషుల్లోనే ఉంది, మాత్రలో లేదు. నేను ఎవరు చెప్పినా ఒక పట్టాన నమ్మను, కానీ ఈ అంకెలు చూశాక "సర్దుబాటు చేశాం" అన్న మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

దీనికి విరుగుడు చీటీలు తీయడం. ఎవరికి అసలు మాత్ర, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది చీటీ తేలిస్తే, శ్రద్ధగలవాళ్ళు రెండు వైపులా దాదాపు సమంగా పడతారు. కొలిచినా కొలవకపోయినా సరే. విటమిన్-ఇకి అదీ చేశారు. హోప్ అనే పరీక్షలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న తొమ్మిదిన్నర వేలమందిని నాలుగున్నరేళ్ళు చూశారు. ఫలితం 2000లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధిత మరణం, ఈ మూడిట్లో ఏదో ఒకటి జరిగింది విటమిన్ గుంపులో 16.2 శాతం మందికి, ఉత్తుత్తి గుంపులో 15.5 శాతం మందికి. నలభై శాతం మేలు ఎక్కడికి పోయిందో మరి.

సిగరెట్ మాట దగ్గర మాత్రం ఒప్పుకుంటాను, మెసేజ్ రాసినాయన మంచి ప్రశ్నే వేశాడు. ఎవరికీ చీటీ తీసి సిగరెట్లు ఇవ్వలేదు. గమనించే తేల్చారు. పైగా గణాంకశాస్త్రంలో మహామహుడైన ఫిషర్ అప్పట్లో అచ్చం నాలాగే అడ్డుపడ్డాడు. పొగతాగాలనిపించే గుణం, క్యాన్సర్ రెండూ ఒకే వారసత్వం వల్ల రావచ్చు కదా అన్నాడు. ఆయన అడ్డుపుల్ల తప్పని తేలింది. కాబట్టి "కొలవనిదేదో ఉండొచ్చు" అనేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, అది ఎంత పెద్దదై ఉండాలో కూడా చెప్పాలి.

ఆ లెక్క 1959లో కార్న్‌ఫీల్డ్ అనే గణాంకవేత్త, ఆయన సహచరులు చెప్పారు. పొగతాగేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ 9 రెట్లు ఎక్కువ. సిగరెట్ ఏ పాపం ఎరగదు, ఆ దాగిన గుణానిదే తప్పంతా అనాలంటే, ఆ గుణం పొగతాగేవాళ్ళలో కనీసం 9 రెట్లు ఎక్కువగా ఉండాలి. అంత కొట్టొచ్చినట్టు ఉండేది ఎవరి కంటా పడకుండా ఎలా ఉంటుంది? మన మాత్ర సంగతి చూడండి. 40 శాతం తక్కువ అంటే, వేసుకోనివాళ్ళకి ముప్పు 1.7 రెట్లు. నా ఊహాలెక్కలో శ్రద్ధ లేనివాళ్ళు ఒకవైపు 200, ఇంకోవైపు 700, అంటే మూడున్నర రెట్లు. దానికే పని అయిపోయింది. మనుషుల అలవాట్లలో అంత తేడా ఉండటం వింతేమీ కాదు.

చివరిది, నాకు నిజంగా ఒళ్ళు మండించింది, "పోయేదేముంది". సెలెక్ట్ అనే పరీక్షలో 35 వేలకు పైగా ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళను చీటీలతోనే పంచారు. ఒక గుంపుకి రోజూ 400 యూనిట్ల విటమిన్-ఇ ఇచ్చారు. 2011లో వచ్చిన లెక్క ప్రకారం ఏడేళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉత్తుత్తి గుంపులో వెయ్యికి 65 మందికి వస్తే, విటమిన్-ఇ ఒక్కటే వేసుకున్న గుంపులో 76 మందికి వచ్చింది. వెయ్యికి పదకొండుమంది అదనం. ఇది గమనించి ఊహించింది కాదు, చీటీ తీసి చూసింది.

బాబాయ్, ఆ సీసా మీద ఎన్ని యూనిట్లు అని రాసుందో ఫోటో తీసి పంపండి. ఈ మాత్ర ఉంది కదా అని డాక్టరు రాసిన బీపీ మాత్ర ఆపేశారేమో, అది మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.