వగైరా 1,500

మా పై వాటాలో మూడేళ్లు అద్దెకున్న కుర్రాడు పోయిన నెల ఖాళీ చేశాడు. అడ్వాన్సు 36,000. లెక్కంతా వేసి వాట్సాప్‌లో పంపాను: "పెయింటింగ్ 14,000, క్లీనింగ్ 3,000, రిపేర్లు 4,000, వగైరా 1,500. అవి పోను 13,500 మీ ఖాతాలో వేశాను." రాసింది నాకే ముచ్చటేసింది.

పది నిమిషాల్లో జవాబు: "అంకుల్, వగైరా అంటే ఏంటి?"

మా ఆవిడ ఆడిట్ ఆఫీసులో రిటైరయింది. ఫోన్ లాక్కుని చదివి, "ఇది లెక్కా, పెళ్లి భోజనాల పట్టీయా? ఏ గది, ఏం పాడైంది, బిల్లు ఎక్కడ, అందులో అతని వంతు ఎంత? ప్రతి ముక్కకీ రాయండి" అంది.

వగైరాతోనే మొదలుపెట్టాం. హార్డ్‌వేర్ షాపు బిల్లు దొరికింది. వాళ్లు తాళంచెవి పోగొట్టినందుకు కొత్త తాళం 850. మిగతా 650 షవర్‌ది. ఆ షవర్ కింద మా బాత్‌రూమ్‌లో ఉంది. రోజూ దాని కిందే నిలబడుతున్నాను కాబట్టి కాదనలేకపోయాను.

క్లీనింగ్ కొత్తవాళ్ల కోసం మేం చేయించుకున్నది, కొట్టేసింది. రిపేర్లంటే గీజర్ కాయిల్. "బోరు నీళ్లకి ఉప్పు పేరుకుని పోయింది. బోరు అతను తవ్వించాడా?" అదీ పోయింది.

పెయింటింగ్ దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను. వాళ్ల పాప పడగ్గది గోడ మీద క్రేయాన్లతో ఏనుగుల మందనే గీసింది మరి! ఆవిడ టేపు తెచ్చింది. పన్నెండడుగులు, పది అడుగులు, 120 చదరపు అడుగులు. పుట్టీతో కలిపి అడుగుకి 20 చొప్పున 2,400. అమ్మయ్య అనుకున్నాను.

"ఆగండి. రంగు వేయించింది వాళ్లు దిగినప్పుడు. అయిదేళ్లు వస్తుందనుకుందాం. మూడేళ్లు అయిపోయింది. మిగిలిన రెండేళ్ల విలువే అతను ఇవ్వాలి, 960. మిగతా గోడలు ఏనుగులు లేకపోయినా మాసేవే."

అతను నిజంగా ఇవ్వాల్సినవి రెండు నేను రాయనే లేదు: చివరి నెల మెయింటెనెన్స్ 2,500, ఖాళీ చేసిన రోజు మీటరు రీడింగ్ ప్రకారం కరెంటు 1,140. గోడ ఫొటో, మీటరు ఫొటో, తాళం బిల్లు జతచేసి నాలుగు పద్దులూ విడివిడిగా రాశాం. మొత్తం 5,450. అంటే తిరిగివ్వాల్సింది 30,550. ఇచ్చింది పోను ఇంకా 17,050. పంపేటప్పుడు నా వేలు కాస్త వణికింది.

ఈసారి జవాబు మర్యాదగా వచ్చింది. "థాంక్స్ అంకుల్, ఇప్పుడు క్లియర్‌గా ఉంది. అన్ని పద్దులూ ఓకే. ఒకటి మాత్రం మర్చిపోయినట్టున్నారు." కింద రెండేళ్ల నాటి గీజర్ రిపేరు బిల్లు, 1,800. దాని కింద స్క్రీన్‌షాట్. అందులో నా మెసేజే: "ప్రస్తుతానికి మీరు ఇచ్చేయండి బాబూ, వగైరా తర్వాత చూసుకుందాం."