సవరణ: రివర్స్ పందెంలో పోయేది 120 డాలర్లు

“అన్నా, రివర్స్‌లో ఒకటి గెలిచి ఒకటి ఓడితే పోయేది 20 డాలర్లేనా?” అని తిరుపతి తమ్ముడొకరు అడిగాడు.

కాదు తమ్ముడూ, 120. ఇంతకుముందు 20 అని చెప్పిన తప్పు నాదే, మన్నించండి.

లాస్ వేగాస్ ఆటల పందేల లెక్కలో 110 పెడితే లాభం 100. ఇఫ్ పందెంలో మొదటిది గెలిస్తేనే రెండోదానిపై 110 పడుతుంది. రివర్స్ అంటే అవే రెండు పందేలపై అలాంటి ఇఫ్‌లు రెండు, ఒకటి ‘అ’తో, ఇంకోటి ‘ఆ’తో మొదలవుతుంది.

‘అ’ గెలిచి ‘ఆ’ ఓడిందనుకో. ‘అ’తో మొదలైనదాంట్లో 100 వచ్చి 110 పోయింది, నష్టం 10. ‘ఆ’తో మొదలైనది మొదట్లోనే ఓడింది, ‘అ’ గెలుపు దానికి అందనే లేదు, 110 పోయింది, మొత్తం 120. నేను మరిచింది ఇదే.

రెండూ గెలిస్తే 400 లాభం, రెండూ ఓడితే 220 నష్టం. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు నిషేధం, ఇది లెక్క వరకే.