దొంగకి అక్కర్లేని రెండు తాళాలు

కారు పోయిన పొద్దున చెయ్యాల్సిన మొదటి పని లబోదిబోమనడం కాదు, తాళాలు వెతకడం. రెండూ వెతకాలి. కారు లేకపోయినా ఫర్వాలేదు, లేదనే కదా మీ ఫిర్యాదు, కానీ తాళాల్లో ఒకటి తగ్గిందంటే మాత్రం బీమా కంపెనీ దృష్టిలో బాధితుల వరసలోంచి అనుమానితుల వరసలోకి జరిగిపోతారు. షోరూమ్ వాడు మొదటిరోజు కొబ్బరికాయ కొట్టించి చేతిలో పెట్టిన ఆ రెండో తాళం ఎక్కడుందో ఇది చదువుతున్నవాళ్లలో ఎంతమందికి తెలుసో నాకు డౌటే. మాది పోపుల డబ్బాలో, ఎండుమిర్చి కింద దొరికింది.

స్టేషన్‌లో రైటర్ గారు నన్ను చాలా ఓపిగ్గా ఓదార్చారు. "ఈఎంఐలు కరెక్టుగా కడుతున్నారా? ఫైనాన్స్ వాళ్లు తీసుకెళ్లారేమో కనుక్కోండి. బామ్మర్దులెవరైనా ఉన్నారా?" అన్నారు. ఉన్నాడు, కానీ వాడికి డ్రైవింగ్ రాదు. సాయంత్రానికి ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చింది. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి అది ఉచితం, చట్టంలోనే రాసుంది. ఈలోపే 112కి చేసిన కాల్ టైమూ, బీమా కంపెనీ ఇచ్చిన క్లెయిమ్ నంబరూ ఒక కాగితం మీద రాసి దేవుడి పటం వెనక దోపాను. ఎఫ్ఐఆర్ వెంటనే పెట్టి ఉంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. బానే ఉంది, కానీ కారు కొనుక్కున్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లడానికి కాదు కదా.

వారం తర్వాత బీమా కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటర్ గారు దిగారు. దొంగని పట్టడం ఆయన పని కాదు, అది పోలీసులది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈయన ఈశ్వరుడు కాకపోయినా ప్రయత్నం చేస్తారు, ఆ ఇంటి దొంగ నేనే అన్న నమ్మకంతో. రెండు తాళాలూ తీసుకుని, ఫొటో తీసి, ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశారు. డూప్లికేట్ తీసే మిషన్‌లో బిగిస్తే లోహం మీద సన్నటి గీతలు పడతాయట. ఒకటి అరిగిపోయి, బటన్ మీద బొమ్మ చెరిగిపోయి ఉంది. రెండోది మిర్చి వాసన తప్ప కొత్తదే. "ఇది మంచిదే సార్" అన్నారు తృప్తిగా. రెండూ అరిగితే ఆ రెండో మనిషి ఎవరని అడుగుతారు, రెండూ మెరుస్తుంటే అసలు తాళాలు ఇవేనా అని అడుగుతారు. ఛాసిస్ నంబరు పెట్టి మూడో తాళం ఎప్పుడైనా ఆర్డర్ చేశానా అని షోరూమ్‌లో కనుక్కున్నారు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, చివరి సర్వీసు బిల్లు తీసుకున్నారు. కింద వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి "సార్‌కి అప్పులేమైనా ఉన్నాయా" అని కూడా అడిగారట. వాచ్‌మన్ రెండు వందలు నాకే బాకీ, కాబట్టి మంచిగానే చెప్పాడు.

ఆయన అడిగినవాటిలో ఖరీదైన ప్రశ్న ఒక్కటే: "తాళం కారులోనే వదిలేశారా?" టీ కోసం దిగినప్పుడు బండికే తాళం ఉంచేశామని మీ చేత్తో మీరే స్టేట్‌మెంట్ రాసిచ్చారంటే జాగ్రత్త తీసుకోలేదని క్లెయిమ్ మొత్తంగా తిప్పికొట్టొచ్చు. ఇలాంటి కేసుల్లో కోర్టులు 75 శాతం ఇప్పించిన సందర్భాలున్నాయి. లెక్క చూడండి. కొత్తగా 8 లక్షల కారు, రెండేళ్లు దాటి మూడు లోపు, అంటే 30 శాతం తరుగు పోను బీమా విలువ 5 లక్షల 60 వేలు. అందులో మనమే భరించాల్సిన ఒక వెయ్యి తీసేసి, బ్యాంకు బాకీ 3 లక్షల 20 వేలు ముందు బ్యాంకుకే కట్టేస్తే మన చేతికి 2 లక్షల 39 వేలు. 75 శాతమే అయితే చేతికి మిగిలేది లక్షకి కాస్త అటూ ఇటూ. ఆ టీ రేటు ఎంత పడిందో మీరే చూసుకోండి.

తర్వాత ఓ మూడు నెలలు ఎవరూ ఏమీ చెయ్యరు. పోలీసులు కేసు నిజమే కానీ ఆచూకీ దొరకలేదని కోర్టులో ఫైనల్ రిపోర్ట్ వెయ్యాలి, ఆ కాగితం రాకపోతే ఫైలు కదలదు. కారు దొరకలేదని రుజువు కావడానికి అది దొరక్కుండా ఉండాల్సిన కాలం అన్నమాట. లేని కారుకి నెలనెలా ఈఎంఐ మాత్రం క్రమం తప్పకుండా కట్టాను, ఎందుకంటే వాయిదా తప్పితే ఇన్వెస్టిగేటర్ గారి అనుమానానికి కొత్త ప్రాణం వస్తుంది.

చివరికి కారుని కంపెనీ పేరుకి మార్చడానికి ఫారం 28, 29, 30, లోను తీరిందనడానికి బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చి సంతకాలు పెట్టాను. రేపెప్పుడైనా కారు దొరికితే అది కంపెనీదే, నాకే హక్కూ లేదని స్టాంపు పేపరు మీద ఇంకో సంతకం. తాళాలు కవర్లో వేస్తుంటే మా ఆవిడ, తిరుపతిలో కొన్న వేంకటేశ్వరస్వామి రింగు తీసిమ్మంది. తియ్యబోయాను.

"వద్దు సార్," అన్నారు ఇన్వెస్టిగేటర్ గారు, "ఫొటోలో రింగుతో ఉంది."