మైక్ ఇచ్చే ముందు రికార్డింగ్ ఉందని చెప్పడానికి నోరు రాదా?

ఇందాక ఎక్స్‌లో ముగిసిన లైవ్ ఆడియో చర్చలో, అదే స్పేస్‌లో, ఉన్నవాళ్లకి నా కోపం అర్థమవుతుంది. మౌనంగా వింటున్న ఒకమ్మాయికి హోస్ట్ స్పీకర్‌గా రమ్మని ఇన్వైట్ పంపాడు. ఆమె వచ్చి, ఆఫీసులో తన జీతం ఎలా ఆపేశారో నాలుగు నిమిషాలు చెప్పుకుంది. చివర్లో "అన్నా, ఇది రికార్డ్ అవుతోందా?" అని అడిగింది. "అవుతోందమ్మా, పైన గుర్తు ఉంది కదా" అన్నాడు. అంతే!

గుర్తు ఉంటుంది, నిజమే. స్పేస్ మొదలుపెట్టేటప్పుడు హోస్ట్ Record Space ఆన్ చేస్తే అది పైన కనిపిస్తుంది. కానీ ఫోన్ జేబులో పెట్టుకుని వినేవాళ్లకి ఏం కనిపిస్తుంది? వింటున్నంతసేపూ వాళ్ల గొంతు రికార్డింగ్‌లో ఉండదు. ఇన్వైట్ ఒప్పుకుని మైక్ తీసి మాట్లాడారా, ఇక ఉంటుంది. ఆ తేడా హోస్టే నోటితో చెప్పాలి, ఇన్వైట్ పంపే ముందే చెప్పాలి.

తర్వాత సరిదిద్దుదామన్నా దారి లేదు. స్పీకర్‌కి తన మాటల్ని తాను తీసేసుకునే వీలు లేదు. హోస్ట్ చేతిలో ఉన్నవి రెండే: రికార్డింగ్ ఎక్కడినుంచి మొదలవ్వాలో మార్చడం, లేదా మొత్తం డిలీట్ చేయడం. ఆమె మాట్లాడింది నలభయ్యో నిమిషంలో. మధ్యలో నాలుగు నిమిషాలు కోయడం కుదరదు. మొదలును నలభై నాలుగో నిమిషానికి జరిపితే ముందున్న చర్చంతా పోతుంది. ఆ చర్చ పోనివ్వడానికి ఈయనకి మనసొప్పదు.

అసలు ఈ హోస్టుల తీరే ఇంత. హోస్ట్, ఇద్దరు కో-హోస్టులు, పదిమంది స్పీకర్లు, మొత్తం పదమూడు మందికే మైక్. ఆ పది చోట్లలో మొదటి ఐదు నిమిషాల్లోనే స్నేహితుల్ని కూర్చోబెడతారు. వాళ్లు మ్యూట్‌లో పెట్టుకుని గంటలకొద్దీ కదలరు. కింద రిక్వెస్ట్ పెట్టినవాళ్లేమో ఎదురుచూస్తూనే ఉంటారు, ఎవరో ఒకరు దిగితే తప్ప పదకొండో మనిషికి చోటుండదు. మాట్లాడటం అయిపోయినవాళ్లని స్పీకర్ల నుంచి తీసేస్తే వాళ్లు శ్రోతలుగా వింటూనే ఉండొచ్చు, బయటికేమీ పోరు. కో-హోస్ట్ కూడా ఆ పని చేయగలడు. అయినా మొహమాటం! "నిన్ను కిందికి దించానని ఏమనుకోకురా" అని స్నేహితుడికి చెప్పలేని మొహమాటానికి, రెండు గంటలు ఎదురుచూసిన మనిషి బలవుతాడు.

స్నేహితుల దగ్గర అంత మొహమాటపడే మనిషికి, ఆ అమ్మాయి దగ్గర "రికార్డ్ అవుతోంది, పర్వాలేదా?" అన్న ఒక్క మాట రాలేదు.

ఇది రాస్తున్నప్పటికీ ఆ రికార్డింగ్ అలాగే ఉంది. లింక్ ఉన్న ఎవరైనా ఆ నాలుగు నిమిషాలూ వినొచ్చు, ఆమె ఆఫీసువాళ్లతో సహా. అన్నా, ఆ చర్చ మళ్లీ పెట్టుకోవచ్చు. ముందు దాన్ని డిలీట్ చేయండి.